లేని గోదాం నుంచి వచ్చే వంద టన్నులు

ఖరీఫ్‌లో వరి నాట్లు పడిన మూడు నాలుగు వారాలకు యూరియా కోసం వెతుకులాట మొదలవుతుంది. పైరు పిలకలు వేసేటప్పుడు ఒకసారి, అంకురం దశలో మరోసారి పైపాటుగా వేయాలి. ఆ అదను దాటాక బస్తా చేతికొచ్చినా పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే ఆ రోజుల్లో సొసైటీల ముందు క్యూలు కడతారు. గోదాముల్లో ఉన్న సరుకు మండలాల అవసరానికి చాలనప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత పంపాలి? దీన్ని గణితంలో అసంతులిత రవాణా సమస్య అంటారు. కట్టే పద్ధతి చిన్నది. లేని గోదాం ఒకటి ఉన్నట్టు రాసుకుంటారు, లెక్క కుదిరిపోతుంది. అయితే ఆ లేని గోదాం నుంచి వెళ్ళినట్టు కాగితం మీద కనిపించే సరుకుకు అర్థం ఏమిటో చాలామంది ఆగి చూడరు. సరుకు ఎవరికి అందదో చెప్పేది అదే.

ఒక చిన్న లెక్క కట్టి చూద్దాం. జిల్లా, అంకెలు రెండూ వివరణ కోసం కల్పించుకున్నవే. రెండు గోదాములున్నాయి. రైలు గోదాంలో 300 టన్నులు, మార్కెట్ యార్డు గోదాంలో 200 టన్నుల యూరియా ఉంది. మూడు మండలాలకు కావాలి. కాలువ కింది మండలానికి 250, మెయిన్ రోడ్డు మీది మండలానికి 150, కొండ దిగువ మండలానికి 200 టన్నులు. టన్ను చేరవేయడానికి అయ్యే ఖర్చు రూపాయల్లో ఇలా ఉంది.

| | కాలువ మండలం | రోడ్డు మండలం | కొండ మండలం | నిల్వ (టన్నులు) |
|---|---|---|---|---|
| రైలు గోదాం | 200 | 300 | 600 | 300 |
| యార్డు గోదాం | 400 | 250 | 500 | 200 |
| అవసరం (టన్నులు) | 250 | 150 | 200 | |

ఉన్నది 500 టన్నులు, కావలసింది 600. వంద టన్నులు తక్కువ. బస్తాకు 45 కిలోల చొప్పున చూస్తే రెండు వేల రెండు వందల బస్తాలకు పైమాటే.

లెక్క ఎందుకు ఆగిపోతుంది

సరుకు పంపిణీని ఇలా పట్టికగా రాసి, మొత్తం ఖర్చు అతి తక్కువయ్యే దారి వెతకడాన్ని అమెరికా గణితవేత్త ఫ్రాంక్ హిచ్‌కాక్ 1941లో ప్రచురించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల వినియోగంపై పనిచేస్తూ ట్యాలింగ్ కూప్‌మన్స్ ఇదే సమస్యకు విడిగా వచ్చాడు. 1951లో జార్జ్ డాంట్‌జిగ్ దీన్ని తన సింప్లెక్స్ పద్ధతితో సాధించి చూపాడు. ఇప్పుడు కాలేజీల్లో నేర్పే పద్ధతులు ఆ దారిలో వచ్చినవే.

ఆ పద్ధతులకు ఒక షరతుంది. అడ్డంగా ఉన్న నిల్వల మొత్తం, నిలువుగా ఉన్న అవసరాల మొత్తం సమానం కావాలి. ప్రతి గోదాం పూర్తిగా ఖాళీ కావాలి, ప్రతి మండలం అవసరం పూర్తిగా తీరాలి. అప్పుడే ఒక గడిలో టన్ను పెంచితే ఏ గడిలో టన్ను తగ్గాలో కచ్చితంగా తేలుతుంది. మన పట్టికలో ఇది కుదరదు. 500 టన్నులతో 600 టన్నుల అవసరాన్ని తీర్చే ప్రణాళిక లోకంలో లేదు.

అందుకని పట్టిక కింద ఇంకో వరుస చేరుస్తారు. అదే డమ్మీ గోదాం. దాని నిల్వ సరిగ్గా తేడా ఎంతో అంతే, 100 టన్నులు. అక్కడి నుంచి ఏ మండలానికైనా రవాణా ఖర్చు సున్నా, ఎందుకంటే అక్కడి నుంచి ఏ లారీ కదలదు. ఇప్పుడు నిల్వ 600, అవసరం 600. లెక్క సాగుతుంది.

నిల్వను సరిగ్గా తేడా అంతే ఉంచడంలో ఒక మేలుంది. వంద టన్నులకు మించి లోటు చూపించే వీలు ఎవరికీ ఉండదు. కాబట్టి ఉన్న 500 టన్నులూ తప్పనిసరిగా కదలాలి. ఖర్చు తగ్గించమన్నారు కదా అని సరుకు గోదాంలోనే ఉంచేసే దారి మూసుకుపోతుంది.

వంద టన్నుల లోటు ఎక్కడ దిగుతుంది

లెక్క కట్టడం మొదలుపెడదాం. చవకైన గడిని ముందు నింపుతూ పోవడం అందరికీ తట్టే దారి. ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. పట్టికలో అన్నిటికంటే చవక డమ్మీ వరుసలోని సున్నాలే. వాటితో మొదలుపెట్టి, మొదటి సున్నా కనబడగానే వందా కాలువ మండలం ఖాతాలో వేశామనుకోండి. ఆ తర్వాత మిగిలిన గడులను చవక వరుసలో నింపితే మొత్తం ఖర్చు 1,82,500 రూపాయలవుతుంది. దగ్గరున్న కాలువ మండలానికి కోత పెట్టి, దూరాన ఉన్న కొండకు 600 రూపాయల దారిలో 150 టన్నులు తోలినట్టయింది. కాబట్టి డమ్మీ వరుసను చివరికి వదిలేసి, నిజమైన గడులనే ముందు నింపాలి.

అలా చేస్తే రైలు గోదాం నుంచి కాలువకు 250, యార్డు నుంచి రోడ్డుకు 150 టన్నులు వెళ్తాయి. రెండు గోదాముల్లోనూ చెరో 50 మిగులుతాయి. రెండూ కొండకు వెళ్తాయి. కొండకు ఇంకా కావలసిన వంద డమ్మీ నుంచి. ఖర్చు 1,42,500.

ఇంతకంటే తగ్గుతుందా? ఖాళీగా ఉన్న ఒక గడిని పరీక్షించి చూద్దాం. రైలు గోదాం నుంచి రోడ్డు మండలానికి ఒక టన్ను పంపితే 300 రూపాయలు పెరుగుతుంది. రైలు గోదాంలో అదనపు సరుకు లేదు కనుక కొండకు పంపేదాంట్లో ఒక టన్ను తగ్గించాలి, 600 మిగులుతుంది. కొండకు తగ్గిన టన్నును యార్డు నుంచి పంపాలి, 500 పెరుగుతుంది. యార్డు ఆ టన్నును రోడ్డుకు పంపేదాంట్లోంచి తీయాలి, 250 మిగులుతుంది. పెరిగింది 800, మిగిలింది 850. టన్నుకు 50 రూపాయలు లాభం. 50 టన్నులు అలా మార్చవచ్చు కాబట్టి 2,500 తగ్గి ఖర్చు 1,40,000కు వస్తుంది.

ఇప్పుడు ప్రణాళిక ఇదీ. రైలు గోదాం నుంచి కాలువకు 250, రోడ్డుకు 50. యార్డు నుంచి రోడ్డుకు 100, కొండకు 100. డమ్మీ నుంచి కొండకు 100. మిగిలిన ఖాళీ గడులన్నిటినీ ఇలాగే చుట్టి వస్తే ఏదీ ఖర్చు తగ్గించదు. ఇంతకంటే చవక దారి లేదని అర్థం.

డమ్మీ వరుసను మామూలు మాటల్లోకి తెస్తే ఇలా ఉంటుంది. కొండ మండలం 200 టన్నులు అడిగింది, 100 మాత్రమే అందుతాయి. కాలువకు, రోడ్డుకు అడిగినంతా దొరుకుతుంది. జిల్లాలోని లోటంతా ఒక్క మండలం మీద పడింది.

సున్నా చెప్పే మాట

కొండ మండలం చేసిన తప్పేమీ లేదు. అక్కడికి దారి ఖర్చు ఎక్కువ, అంతే. డమ్మీ వరుసలో మూడు సున్నాలు రాసినప్పుడు మనం లెక్కకు చెప్పింది ఒకటే మాట, ఏ మండలంలో సరుకు లేకపోయినా నష్టం ఒకటేనని. అలా చెప్పాక లెక్క తన పని తాను చేసింది. చేరవేయడానికి ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుందో అక్కడే చేరవేయకుండా వదిలేసింది.

సున్నాకు బదులు మూడు గడుల్లోనూ 1,000 రాస్తే? టన్ను లోటుకు వెయ్యి రూపాయల నష్టమని రాసినట్టు. ప్రణాళికలో ఒక్క అంకె కూడా మారదు. లోటు ఎలాగూ వంద టన్నులే, ఎవరి మీద వేసినా లక్ష రూపాయలే. మొత్తానికి లక్ష కలుస్తుంది తప్ప ఎవరికి ఎంత అన్నది అలాగే ఉంటుంది. నిర్ణయాన్ని మార్చేది మండలానికీ మండలానికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా రాయకపోవడం కూడా ఒక నిర్ణయమే. నిజంగా అన్ని చోట్లా నష్టం సమానమైతే సున్నాలు సరైనవే. కాకపోతే ఆ సున్నాలు దూరపు ఊళ్ళ మీద వేసిన పన్ను.

నష్టం సమానం కాని సందర్భాలు చాలా ఉంటాయి. కొండ మండలంలో నాట్లు ముందుగా పడి పైరు అంకురం దశలో ఉండవచ్చు. కాలువ మండలంలో ఇంకా పది రోజుల గడువు ఉండవచ్చు. వ్యాపారంలోనైతే ఒక డీలరుకు సరుకు ఆలస్యమైతే ఒప్పందం ప్రకారం జరిమానా కట్టాలి, ఇంకో డీలరు వచ్చే వారం దాకా ఆగగలడు. ఆ తేడాలు ఎక్కడో ఒకచోట రాయాలి. రాయాల్సిన చోటు డమ్మీ వరుసలోని గడులే.

న్యాయానికి ధర

ఈ లెక్క ఇంకో పని కూడా చేస్తుంది. లోటును ఒక మండలం నుంచి మరో మండలానికి మార్చితే ఎంత ఖర్చవుతుందో చెబుతుంది. కొండ లోటులో ఒక టన్ను రోడ్డు మండలానికి మార్చుదాం. యార్డు నుంచి రోడ్డుకు వెళ్ళే టన్ను కొండకు మళ్ళుతుంది. 250 పోయి 500 వస్తుంది, అదనంగా 250. అదే కాలువకు మార్చాలంటే సర్దుబాటు ఇంకా పొడుగు. రైలు గోదాం కాలువకు ఒక టన్ను తగ్గించి రోడ్డుకు ఇవ్వాలి, యార్డు రోడ్డుకు తగ్గించి కొండకు ఇవ్వాలి. కూడికలు తీసివేతలు అయ్యాక అదనంగా 350.

ఈ రెండు అంకెలు, 250, 350, లెక్క మొత్తంలో అన్నిటికంటే విలువైనవి. కొండ మండలంలో టన్ను లోటు వల్ల జరిగే నష్టం రోడ్డు మండలంలో కంటే 250 రూపాయలకు మించి ఎక్కువని వ్యవసాయాధికారి భావిస్తే, ఇప్పుడున్న ప్రణాళిక తప్పు. అంతకంటే తక్కువైతే ప్రణాళిక సరైనదే. కొండకు అన్యాయం జరుగుతోందా అన్న ప్రశ్న ఇప్పుడు వాదించదగిన, తేల్చదగిన ప్రశ్న అయింది.

డమ్మీ వరుసలో కాలువకు 1,000, రోడ్డుకు 1,000, కొండకు 1,300 రాసి చూద్దాం. తేడా 300. అది 250 కంటే ఎక్కువ, 350 కంటే తక్కువ. ఫలితం ఊహించవచ్చు. లోటు కొండను వదిలి రోడ్డు మండలానికి వెళ్తుంది, కాలువ జోలికి పోదు. కొండకు 200 పూర్తిగా అందుతాయి. రోడ్డుకు 150లో 50 మాత్రమే. రవాణా ఖర్చు 1,65,000.

ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. లోటు పంచుకోలేదు, గెంతింది. మొన్న కొండకు వంద, ఇవాళ రోడ్డుకు వంద. టన్ను టన్నుకూ ఒకే రేటు రాసినంత కాలం ఈ లెక్క సాధారణంగా ఇలాగే ప్రవర్తిస్తుంది. మొదటి టన్ను లోటు ఎంత బాధో వందో టన్ను కూడా అంతే బాధ అని మనం రాశాం కాబట్టి, ఎక్కడ చవకో అక్కడే మొత్తం దింపేస్తుంది. నిజ జీవితంలో అలా కాదు. అవసరంలో పావు వంతు తగ్గితే రైతులు సర్దుకుంటారు, సగం తగ్గితే పైరు దెబ్బతింటుంది.

దీనికి మందు పట్టికలోనే ఉంది. కొండ మండలం నిలువు వరుసను రెండుగా చీల్చాలి. ఒకటి తప్పనిసరిగా అందాల్సిన 150 టన్నులు, రెండోది వీలైతే ఇవ్వాల్సిన 50. రెండింటికీ నిజమైన గోదాముల నుంచి రవాణా ఖర్చు ఒకటే. డమ్మీ గోదాం నుంచి మాత్రం తేడా. వీలైతే ఇచ్చే భాగానికి సున్నా, తప్పనిసరి భాగానికి లక్ష రూపాయలంత పెద్ద అంకె. అంత ఖరీదైన గడి జోలికి లెక్క పోదు. అంటే తప్పనిసరి భాగంలో లోటు పెట్టకూడదని ఆదేశించినట్టే. పుస్తకాల్లో ఆ పెద్ద అంకెను `M` అని రాస్తారు.

ఇలా కడితే కొండకు 50 లోటు, రోడ్డుకు 50 లోటు వస్తాయి. రవాణా ఖర్చు 1,52,500. మొదటి ప్రణాళిక కంటే 12,500 ఎక్కువ. 50 టన్నులు, టన్నుకు 250 చొప్పున ముందే తెలిసిన లెక్క. కొండ మండలానికి మూడు వంతులైనా అందేలా చూడటానికి జిల్లా పెట్టాల్సిన ఖర్చు ఇంతే. ఎక్కువో తక్కువో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. అన్ని మండలాల తప్పనిసరి భాగాలూ కలిపి 500 టన్నులు మించకూడదు. మించితే లక్ష రాసిన గడిలోకి కూడా సరుకు వెళ్ళి తీరుతుంది. ఫలితంలో ఖర్చు లక్షలు దాటి కనిపిస్తే కారణం ఇదే. మనం ఇచ్చిన మాటలు మన దగ్గరున్న సరుకు కంటే ఎక్కువని లెక్క చెబుతోందన్నమాట.

సరుకు మిగిలితే

ఇప్పుడు తిరగేసి చూద్దాం. నిల్వ అదే 500. అవసరం కాలువకు 200, రోడ్డుకు 150, కొండకు 100, మొత్తం 450. యాభై టన్నులు మిగులు. ఈసారి చేర్చేది వరుస కాదు, నిలువు వరుస. 50 టన్నులు అడిగే డమ్మీ మండలం. దానికి పంపడం అంటే గోదాంలోనే ఉంచడం.

సున్నా ఖర్చులతో కడితే రైలు గోదాం కాలువకు 200, రోడ్డుకు 50 పంపుతుంది. యార్డు రోడ్డుకు 100, కొండకు 100 పంపి ఖాళీ అవుతుంది. మిగిలిన 50 రైలు గోదాంలో ఉంటాయి. ఖర్చు 1,30,000. ఇక్కడ కూడా సున్నా ఒక మాట చెప్పింది, ఏ గోదాంలో నిల్వ ఉంచినా ఖర్చు ఒకటేనని.

వచ్చే వారం రైలు గోదాంకు కొత్త రేక్ వస్తుంటే ఆ మాట నిజం కాదు. సరుకు దింపుకోవడానికి చోటు కావాలి. పైగా యూరియాకు తేమను పీల్చే గుణం ఉంది. కారే కప్పు కింద వానాకాలంలో ఉంచితే బస్తాలోనే గడ్డకడుతుంది. అందుకని డమ్మీ నిలువు వరుసలో నిజమైన నిల్వ ఖర్చులు రాయాలి. నిల్వను రైలు గోదాం నుంచి యార్డుకు మార్చాలంటే టన్నుకు 50 రూపాయలు అదనం. రోడ్డు మండలానికి యార్డు పంపే టన్నును రైలు గోదాం పంపాలి కనుక, 250 పోయి 300 వస్తుంది. రైలు గోదాంలో ఉంచడం యార్డు కంటే టన్నుకు 50కి మించి ఖరీదైతే సరుకు యార్డులో ఉండటమే మేలు. పూర్తిగా ఖాళీ చేయాల్సిందే అంటే రైలు గోదాం డమ్మీ గడిలో `M` రాస్తే సరి. ఖర్చు 1,32,500 అవుతుంది.

లోటులో డమ్మీ ఒక గోదాం, మిగులులో డమ్మీ ఒక మండలం. ఈ రెండూ తారుమారైతే ఫలితం వెంటనే వింతగా కనిపిస్తుంది, లేదా మొత్తాలు అసలు సరిపోవు. అడ్డం మొత్తాన్నీ నిలువు మొత్తాన్నీ కూడి చూడటం మొదటి తనిఖీ.

కంప్యూటర్‌కు డమ్మీ అక్కర్లేదా

ఇప్పుడు ఇలాంటి లెక్కలు చేత్తో ఎవరూ కట్టరు. ఎక్సెల్‌లోని సాల్వర్‌కు డమ్మీ వరుస ఇవ్వాల్సిన పని కూడా లేదు. అసమానతలను అది నేరుగా తీసుకుంటుంది. కానీ డమ్మీ అడిగే ప్రశ్న మాత్రం అక్కడా తప్పదు.

ప్రతి మండలానికీ అడిగినంత అందాలని రాసి, నిల్వలు 500 మాత్రమే ఇస్తే తెర మీద `Solver could not find a feasible solution.` అని వస్తుంది. ప్రోగ్రామ్ చెడిపోలేదు, సరుకు చాలదని చెబుతోంది. దాంతో కంగారుపడి, మండలాలకు అడిగినంత లేదా అంతకంటే తక్కువ అందినా చాలని మార్చేస్తే ఇంకో విచిత్రం జరుగుతుంది. ఏ లారీ కదలదు, ఖర్చు సున్నా అని సమాధానం వస్తుంది. ఖర్చు తగ్గించమన్నాం, ఏమీ పంపకపోవడం కంటే తక్కువ ఖర్చు ఏముంటుంది? లోటు ఉన్నప్పుడు ప్రతి గోదాం నిల్వా పూర్తిగా కదలాలని సమాన గుర్తుతో రాయాలి. లేదంటే ప్రతి మండలం లోటుకూ ఒక గడి పెట్టి, దానికి రవాణా ఖర్చులను మించిన నష్టం రాయాలి. ఆ గడుల పేరు ఏదైనా అవి డమ్మీ వరుసే.

ఇలాంటి ప్రణాళికల నివేదికల్లో లారీలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయో, మొత్తం ఖర్చెంతో ఉంటుంది. డమ్మీ వరుసను మాత్రం లెక్క సరిపెట్టడానికి చేర్చినదని చివర్లో చెరిపేస్తుంటారు. అలా చేయకూడదు. ఆ వరుస నివేదికలో మొదటి పేజీలో ఉండాలి. ఏ మండలానికి ఎన్ని టన్నులు తక్కువ, ఆ లోటును పక్క మండలంతో పంచుకుంటే ఎంత అదనం, అక్కడ రాసిన నష్టం అంకెలను ఎవరు నిర్ణయించారు, ఈ మూడూ దాని పక్కనే ఉండాలి. అప్పుడు కొండ మండలం సొసైటీ అధ్యక్షుడు జిల్లా సమావేశంలో లేచి, పన్నెండు వేల ఐదు వందల రూపాయలు మిగుల్చుకోవడానికి మా ఊళ్ళ కోటాలో సగం కోశారా అని అడగగలుగుతాడు. ప్రణాళిక మీద సంతకం పెట్టే అధికారి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.